స్ట్రిప్ ఫోటో నుంచి స్టాకు షీటు దాకా: బ్యాచ్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ ఎలా ఎక్కించాలి

జూలై, ఆగస్టుల్లో గోదారికి ఎర్రనీరు తగలగానే లంకల అంచున ఉన్న మెడికల్ షాపుల్లో కింది అరల సరుకంతా అటకెక్కుతుంది. నీరు తీశాక దించి చూస్తే ఏ స్ట్రిప్ ఏ బిల్లుదో, ఏది ముందు అమ్మాలో కలగాపులగం. అటకెక్కించే ముందే ప్రతి రకానికీ ఒక ఫోటో తీసి పెట్టుకుంటే, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని ఫోటోల్లోంచి స్టాకు షీటు తయారుచేసుకోవచ్చు. వరదతో పనిలేని భీమవరం, తణుకు షాపులకైనా మొదటిసారి ఓపెనింగ్ స్టాకు ఎక్కించేటప్పుడు ఇదే దారి. స్ట్రిప్ చేత్తో పట్టుకుని వెలుతురుకి తిప్పుతూ చదివి టైపు చేసే పని నాలుగు వందల రకాలకి సాగదు.

మొదలుపెట్టే ముందు ఒక తేడా గమనించండి. తయారీ తేదీ, ఎక్స్‌పైరీ ఒకదాని తప్పు ఒకటి చాలావరకు బయటపెడతాయి, ఎందుకంటే వాటి మధ్య ఎడం ఎంత ఉండాలో మనకు ముందే తెలుసు. బ్యాచ్ నంబరుకి అలాంటి తోడు లేదు. ఒక అక్షరం తప్పుపడినా అది ఇంకో మంచి బ్యాచ్ నంబరులాగే కనిపిస్తుంది. ఫలానా బ్యాచ్ వెనక్కి పంపమని కంపెనీ కబురు పెట్టిన రోజున మీ షీటులో వెతికితే అది దొరకదు, సరుకు మాత్రం అరలోనే ఉంటుంది. అందుకే తేదీలను సరిచూసే పని సూత్రాలకు వదిలేసి, మీ కళ్ల ఓపికంతా బ్యాచ్ మీద పెట్టేలా ఈ పద్ధతి ఉంటుంది.

ముందు షీటు, తర్వాతే ఫోటో

గూగుల్ షీట్స్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఈ వరసలో కాలమ్‌లు పెట్టుకోండి: A ఫోటో పేరు, B మందు పేరు, బలం, C బ్యాచ్, D తయారీ (ప్యాకెట్ మీదున్న నెల, సంవత్సరం), E ఎక్స్‌పైరీ (అలాగే), F తయారీ తేదీ, G ఎక్స్‌పైరీ తేదీ, H నెలలు, I ఫలితం, J స్ట్రిప్పుల సంఖ్య, K బ్యాచ్ రెండో చదువు, L సరిపోయిందా.

ఒక్క అక్షరం కూడా ఎక్కించకముందే C, D, E, K కాలమ్‌లను మొత్తంగా ఎంచుకుని వాటి ఫార్మాట్ ప్లెయిన్ టెక్స్ట్‌కి మార్చండి. ఎక్సెల్‌లో అయితే టెక్స్ట్. ఈ అడుగు వదిలేస్తే ఏమవుతుందో చూడండి. `24E105` అనే బ్యాచ్‌ని గడిలో కొట్టి ఎంటర్ నొక్కగానే అది `2.4E+106` అయి కూర్చుంటుంది. మధ్యలో E ఉండి అటూ ఇటూ అంకెలు ఉంటే షీటు దాన్ని పెద్ద సంఖ్య అనుకుంటుంది. `0045123` లో ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. `MAR24` తేదీగా మారుతుంది. ఆ తర్వాత ఫార్మాట్ మార్చినా పాత అక్షరాలు తిరిగి రావు, మళ్లీ ఫోటో చూసి కొట్టుకోవాల్సిందే. F, G, H, I, L మాత్రం మామూలుగా వదిలేయండి. వాటికి కూడా టెక్స్ట్ ఫార్మాట్ పెడితే సూత్రం లెక్క కట్టకుండా సూత్రంగానే కనిపిస్తుంది.

ఫోటో

చాలా తప్పులు ఇక్కడే పుడతాయి కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

స్ట్రిప్ వెనక ఉన్న అల్యూమినియం రేకు అద్దంలాంటిది. దాని మీద వెలుగు వేస్తున్నాం అనుకుంటాం గానీ, నిజానికి రేకు తన ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది. ఎదురుగా మీ ముదురు రంగు చొక్కా, నల్లటి ఫోను ఉంటే రేకు నల్లగా కనిపిస్తుంది, దాని మీద నల్ల ఇంకు అక్షరాలు కలిసిపోతాయి. ట్యూబులైటు ఉంటే ఒక తెల్లటి గీత పడి సరిగ్గా ఎక్స్‌పైరీ అంకెల మీదే కూర్చుంటుంది. ఫ్లాష్ వేస్తే మధ్యలో తెల్లటి మచ్చ. అందుకని రేకుకి ఎదురుగా అంతటా ఒకే తెలుపు ఉండేలా చూడాలి.

ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న తెల్ల థర్మోకోల్ ముక్క తీసుకుని మధ్యలో రెండు సెంటీమీటర్ల రంధ్రం చేయండి. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, అటూ ఇటూ మందుల డబ్బాలు పేర్చి, ఇరవై సెంటీమీటర్ల ఎత్తున థర్మోకోల్‌ని వాటి మీద ఆనించండి. బల్లని కిటికీ పక్కకు జరపండి. పక్కనుంచి వచ్చే వెలుగు కింది కాగితం మీద పడి థర్మోకోల్ అడుగుభాగాన్ని తెల్లగా వెలిగిస్తుంది, రేకు ఆ తెలుపునే చూపిస్తుంది. ఫోను లెన్సుని రంధ్రానికి ఆనించి కిందకి చూడండి. ఒక చిన్న మెలిక ఉంది: ఆ రంధ్రం కూడా రేకులో నల్లటి చుక్కలా కనిపిస్తుంది. కాబట్టి బ్యాచ్ ముద్ర ఉన్న కొసని లెన్సుకి సరిగ్గా కిందకాక రెండు మూడు సెంటీమీటర్లు పక్కకి పెట్టండి. ఇంత సరంజామా ఖర్చు ఒక పాత పార్సిల్ పెట్టెలోని థర్మోకోలే.

ఫోనుని పది సెంటీమీటర్ల కన్నా దగ్గరకు తెస్తే చాలా ఫోన్లు ఫోకస్ పట్టలేవు. ఇరవై దగ్గర ఉంచి రెండింతల జూమ్ పెట్టండి. తీసిన ఫోటోని అక్కడే పెద్దది చేసి మీ కంటితో చదవండి. మీకే అనుమానంగా ఉన్న అంకెని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా చదవలేదు, అప్పుడే ఇంకోటి తీసుకోండి. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏసీ గదిలోంచి బయటికొచ్చిన ఫోను లెన్సు మీద మసక పడుతుంది, తుడిచి తీయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్ వయల్‌కీ ఇదే బాధ, లేబుల్ మీద క్షణాల్లో చెమట పట్టేస్తుంది. పొడి గుడ్డతో అద్ది ఫోటో తీసి వెంటనే లోపల పెట్టేయండి. స్పిరిట్‌తో గానీ శానిటైజర్‌తో గానీ తుడవొద్దు. ఇంక్‌జెట్ అక్షరాలు కరిగి చెరిగిపోతే ఇక ఆ సరుకు బ్యాచ్ చెప్పేవాళ్లుండరు.

ఇంకు లేకుండా నొక్కుడు ముద్రతోనే బ్యాచ్ వేసిన స్ట్రిప్పులూ, ఆయింట్‌మెంట్ ట్యూబు మడత అంచులూ ఉంటాయి. వాటికి పై పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. అంతటా ఒకే వెలుగు ఉంటే గుంటలు కనిపించవు. థర్మోకోల్ తీసేసి, గదిలో దీపాలు ఆపి, ఇంకో ఫోను టార్చిని బల్లకి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. గుంటల్లో నీడ పడి అక్షరాలు లేస్తాయి. టార్చిని స్ట్రిప్ చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ ఏ దిక్కున స్పష్టంగా ఉంటే అక్కడ ఆపి తీయండి. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటే మీరు స్ట్రిప్‌ని వెనక వైపు నుంచి చూస్తున్నారు, తిప్పండి. అప్పటికీ లొంగకపోతే పాతకాలపు చిట్కా ఒకటుంది: ముద్ర మీద పల్చటి కాగితం వేసి పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద రుద్దినట్టు. ఆ కాగితానికి ఫోటో తీస్తే చాలు.

ఫోటోలు షాపులో ఒకరు తీసి, ఇంట్లో కంప్యూటరు దగ్గర ఇంకొకరు ఎక్కించే పద్ధతయితే వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపొద్దు. అది ఫోటోని బాగా కుదించేస్తుంది. రెండు మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరం ఫోను తీసిన అసలు ఫోటోలో యాభై పిక్సెళ్ల దాకా ఉంటుంది, కుదించాక ఇరవైకి అటూ ఇటూ మిగులుతుంది. అప్పుడు 6, 8 ఒకేలా అవుతాయి. అదే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఫోటోలోంచి అక్షరాలు

పదీ ఇరవై స్ట్రిప్పులకయితే ఫోనులోని గూగుల్ లెన్స్ చాలు: టెక్స్ట్ ఎంచుకుని కాపీ చేసి కంప్యూటరుకి పంపుకోవచ్చు. వందల్లో ఉంటే ఫోటోలోంచి అక్షరాలు చదివే టెసెరాక్ట్ అనే ఉచిత కంప్యూటరు సాఫ్ట్‌వేరు నయం. అయితే ఫోటోని యథాతథంగా ఇవ్వకండి. ముందు ఇమేజ్‌మ్యాజిక్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేరుతో బ్యాచ్ ముద్ర ఉన్న మూల మాత్రమే కత్తిరించి, రంగు తీసేసి, రెండింతలు పెంచండి.

```
magick IMG_0412.jpg -crop 1400x500+900+1200 +repage -colorspace Gray -resize 200% -blur 0x2 -normalize IMG_0412.png
tesseract IMG_0412.png IMG_0412 -l eng --psm 6
```

`-crop` తర్వాతి అంకెలు వెడల్పు, ఎత్తు, ఎడమనుంచి దూరం, పైనుంచి దూరం. థర్మోకోల్ కింద ప్రతి స్ట్రిప్‌నీ ఒకే చోట పెడితే ఈ అంకెలు ఒకసారి కుదుర్చుకున్నాక మార్చక్కర్లేదు. మసకబరిచే `-blur` ఎందుకు అనిపించొచ్చు. ఇంక్‌జెట్ ముద్రలో ప్రతి అక్షరం విడివిడి చుక్కల వరస. మన కన్ను చుక్కల్ని కలిపి చదువుకుంటుంది, టెసెరాక్ట్ కలపదు; చుక్కని చుక్కగానే చూసి చుక్కలూ కామాలూ కక్కుతుంది. కాస్త మసకబరిస్తే చుక్కలు కలిసి గీత అవుతాయి. చుక్కలు లేని ముద్రకి ఆ భాగం తీసేయండి, లేకపోతే మంచి అక్షరం పాడవుతుంది. `--psm 6` అంటే ఇదంతా ఒకే ముద్ద టెక్స్ట్ అని చెప్పడం. అది లేకపోతే ఒక్కోసారి ఎడమవైపు పేర్లన్నీ ముందు, కుడివైపు విలువలన్నీ తర్వాత చదివి ఏది దేనిదో తెలియకుండా చేస్తుంది.

ఒక స్ట్రిప్‌తో చూద్దాం

పారాసెటమాల్ 650 స్ట్రిప్ అనుకోండి, పదిహేను బిళ్లలది. పై కమాండుకి వచ్చిన టెక్స్ట్ ఇలా ఉంది:

```
Mfg.Lic.No.12/UA/2019
B.No.24E1O5
MFG.O5/2024
EXP.04/2O27
```

మొదటి వరసతో జాగ్రత్త. అది తయారీ లైసెన్సు నంబరు, తయారీ తేదీ కాదు. రెండూ `Mfg` తోనే మొదలవుతాయి, రెండింట్లోనూ గీటు ఉంటుంది, సంవత్సరంలా కనిపించే నాలుగంకెలూ ఉంటాయి. తొందరలో చూసేవాళ్లు, సూత్రం రాసి వదిలేసేవాళ్లు ఇద్దరూ ఇక్కడే పడతారు: 12/2019 అని తయారీ తేదీ ఎక్కుతుంది. `Lic` గానీ `M.L.` గానీ ఉన్న వరసని ముందే కొట్టేయడం అలవాటు చేసుకోండి.

తేదీల్లో `O5` అంటే `05`, `2O27` అంటే `2027`. గీటుకి అటూ ఇటూ అంకెలే ఉండాల్సిన చోట O వస్తే సున్నా అని కళ్లుమూసుకుని మార్చుకోవచ్చు. I, l అయితే 1. ఒక్క మినహాయింపు, నెలని అక్షరాల్లో వేసే కంపెనీలు. `OCT.2025` లో O ని సున్నా చేస్తే `0CT` అయి ఏ నెలా కాకుండా పోతుంది, `NOV` కీ అదే గతి. అందుకని ముందు నెల పేరు ఉందేమో చూసి దాన్ని అంకెగా మార్చి, ఆ తర్వాతే O సంగతి చూడాలి.

బ్యాచ్‌లోని `24E1O5` ని మాత్రం ముట్టుకోకండి. అక్కడ O నిజంగానే O అయ్యుండొచ్చు. దీన్ని అలాగే C లో పెట్టి, తీర్పు రెండో చదువుకి వదిలేయండి.

కొన్ని స్ట్రిప్పుల మీద పేర్లు ముందే అచ్చయి ఉంటాయి, విలువలు మాత్రం తర్వాత యంత్రం మీద ముద్ర పడతాయి. రేకు కాస్త జారితే విలువలన్నీ ఒక వరస కిందకో పైకో దిగుతాయి, ఎక్స్‌పైరీ తేదీ తయారీ పక్కకొచ్చి కూర్చుంటుంది. అలాంటప్పుడు పేరుని నమ్మకండి. రెండు తేదీల్లో ముందుది తయారీ, తర్వాతది ఎక్స్‌పైరీ.

తేదీల లెక్క

D లో `05/2024`, E లో `04/2027` ఉన్నాయి. ప్యాకెట్ మీద `04/27` అని రెండంకెలే ఉన్నా ఇక్కడ నాలుగంకెల సంవత్సరం, రెండంకెల నెల వచ్చేలా రాసుకోండి. ఇప్పుడు F, G, H, I గడుల్లో వరసగా:

```
=DATE(RIGHT(D2,4),LEFT(D2,2),1)
=EOMONTH(DATE(RIGHT(E2,4),LEFT(E2,2),1),0)
=DATEDIF(F2,G2+1,"M")
=IF(OR(H2=24,H2=25,H2=36,H2=37),"సరి","చూడాలి")
```

ఎక్స్‌పైరీ 04/2027 అంటే ఏప్రిల్ 1 కాదు, ఏప్రిల్ 30. మన డ్రగ్స్ రూల్స్ ప్రకారం నెల, సంవత్సరం మాత్రమే వేసిన ఎక్స్‌పైరీకి ఆ నెల చివరి రోజు దాకా మందు ప్రమాణంలో ఉన్నట్టు లెక్క. `EOMONTH` అందుకే. G లో తేదీ బదులు ఒక సంఖ్య కనిపిస్తే ఆ కాలమ్ ఫార్మాట్‌ని డేట్‌కి మార్చండి. ఇది తెలియక ఒకటో తారీఖు ఎక్కించిన షీటు నెల ముందే మంచి సరుకుని పక్కన పెట్టిస్తుంది.

H లో మన స్ట్రిప్‌కి 36 వస్తుంది: 2024 మే ఒకటి నుంచి 2027 ఏప్రిల్ ముప్పై దాకా సరిగ్గా మూడేళ్లు. తయారీ నెలకి ముందు నెలని ఎక్స్‌పైరీగా వేయడం మందులకి మామూలు. కొందరు అదే నెల వేస్తారు, అప్పుడు 37 వస్తుంది. ఇదే మన పరీక్ష. 04 ని 01 గా చదివి ఉంటే 33 వచ్చి పట్టుబడేది. 2027 ని 2021 గా చదివి ఉంటే ఎక్స్‌పైరీ తయారీ కన్నా ముందుకు వెళ్లి సూత్రమే తప్పు చూపేది.

ఇరవై నాలుగు, ముప్పై ఆరు నెలలే ఎందుకు, పద్దెనిమిది, ముప్పై, నలభై ఎనిమిది నెలల మందులూ ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. వాటికి కావాలనే `చూడాలి` అని రానిస్తున్నాం. 1 ని 7 గా చదవడం ఇంక్‌జెట్‌లో మామూలే, ఆ తేడా సరిగ్గా ఆరు నెలలు. రెండేళ్ల మందు తయారీ 01 ని 07 అని చదివితే పద్దెనిమిది వస్తుంది, ఎక్స్‌పైరీలో 01 ని 07 అని చదివితే ముప్పై ఒకటో ముప్పయ్యో వస్తుంది. అవీ నిజమైన గడువుల్లాగే కనిపిస్తాయి. సంవత్సరంలో 2026 ని 2028 గా చదివితే ఇరవై నాలుగు కాస్తా నలభై ఎనిమిది. ఈ ఫలితాలు వచ్చిన ఫోటోలు కంటితో చూస్తే సరిపోతుంది, నిజంగా పద్దెనిమిది నెలల మందయితే I గడిలో చేత్తో `సరి` అని రాసేయండి. అరవై దాటితే మాత్రం ఫోటో మళ్లీ తీయండి.

కొన్ని పోషకాహార పొడులు, సబ్బుల్లాంటి వాటి మీద ఎక్స్‌పైరీ బదులు తయారీ నుంచి ఇన్ని నెలల్లోపు వాడాలని ఉంటుంది. వాటికి E గడిని మీరే లెక్కకట్టి రాయండి, కానీ A గడిలో ఫోటో పేరు పక్కన ఆ సంగతి గుర్తుగా వేయండి. లేకపోతే రేపు ఎవరో ప్యాకెట్ మీద ఆ తేదీ కోసం వెతుక్కుంటారు.

బ్యాచ్: రెండు కళ్లు, ఒక బిల్లు

C లో మెషిన్ చదివింది ఉంది: `24E1O5`. ఇప్పుడు దాన్ని చూడకుండా ఫోటో మాత్రమే చూసి K లో మీరు కొట్టాలి. చూడకుండా అన్నది ముఖ్యం. ముందు మెషిన్ చదివినది చూసి తర్వాత ఫోటో చూస్తే కంటికి అదే కనిపిస్తుంది, O ఉందనుకున్న చోట O యే చదువుతుంది. C కాలమ్‌ని దాచేసి K నింపడం తేలిక మార్గం. ఇద్దరుంటే ఇంకా మేలు. తర్వాత L లో:

```
=EXACT(C2,K2)
```

మీరు `24E105` కొట్టారు, `FALSE` వచ్చింది. ఇప్పుడు మూడో సాక్షి కావాలి, అదే డిస్ట్రిబ్యూటర్ బిల్లు. రాజమండ్రి నుంచో విజయవాడ నుంచో వచ్చిన బిల్లులో ఆ మందు వరసలో బ్యాచ్ ఉంటుంది. అక్కడ `24E105` ఉంటే C ని సరిదిద్దండి. బిల్లునే మొదటి నుంచీ చూసి ఎక్కించేస్తే పోయేది కదా అనిపిస్తుంది గానీ, బిల్లులో ఉన్నది బిల్లు కొట్టినవాళ్లు ఎంచుకున్న బ్యాచ్. పెట్టెలో వేసినవాళ్లు పక్క బ్యాచ్ వేసేయడం అరుదేమీ కాదు. పైగా బిల్లులో బ్యాచ్ గడి ఇరుగ్గా ఉంటే చివరి అక్షరాలు తెగి అచ్చవుతాయి. స్ట్రిప్ మీద `GXT24E105A` ఉండి బిల్లులో `GXT24E10` ఉంటే అది తప్పు కాదు, తెగడం. స్ట్రిప్ మీద ఉన్నదే షీటులోకి ఎక్కాలి. బిల్లుతో నిజంగానే తేడా ఉంటే డిస్ట్రిబ్యూటర్‌కి వారంలోపే చెప్పండి. ఎక్స్‌పైరీ సరుకు వెనక్కిచ్చే రోజున బిల్లులో లేని బ్యాచ్ అని తిప్పి పంపేస్తారు.

అక్షరం, అంకె తారుమారయ్యే జంటలు ఎక్కువగా ఇవే: O-0, I-1, S-5, B-8, Z-2, G-6. ఒకే కంపెనీ స్ట్రిప్పులు నాలుగైదు పక్కపక్కన పెట్టి చూస్తే వాళ్ల నంబరు వరస అర్థమవుతుంది. మన ఉదాహరణలో 24 సంవత్సరం, E అంటే అయిదో నెల, తయారీ కూడా 05/2024. అలా నెలని అక్షరంతో చెప్పే కంపెనీ అని తెలిస్తే మొదటి మూడక్షరాలకి తయారీ తేదీయే సాక్షి అవుతుంది. అందరూ ఇలా వేయరు, కాబట్టి తెలియని కంపెనీకి ఈ తర్కం వాడకండి.

ఇంకో పరీక్ష షీటు నిండాక పనికొస్తుంది. ఒకే మందు, ఒకే బ్యాచ్ రెండు వరసల్లో ఉంటే ఎక్స్‌పైరీ కూడా ఒకటే ఉండాలి. వేరయితే ఎక్కడో ఒకటి తప్పు చదివారు. M గడిలో:

```
=SUMPRODUCT((B$2:B$500=B2)*(C$2:C$500=C2)*(G$2:G$500<>G2))
```

సున్నా కాకుండా ఏది వచ్చినా ఆ రెండు ఫోటోలూ తెరవండి. దీనికి `COUNTIFS` వాడటానికి చెయ్యి లాగుతుంది, వాడొద్దు. గడి టెక్స్ట్‌గా ఉన్నా సరే, అది `24E105` ని మళ్లీ సంఖ్యగా తీసుకుని పోలుస్తుంది.

క్యూఆర్ ఉంటే

2023 ఆగస్టు 1 నుంచి షెడ్యూల్ హెచ్2 లోని 300 బ్రాండ్లకి ప్యాకెట్ మీద బార్‌కోడో క్యూఆర్ కోడో తప్పనిసరి అయింది. అందులో బ్యాచ్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, లైసెన్సు నంబరు ఉండాలి. అది స్కాన్ అయితే పైన చెప్పిన ఫోటో శ్రమ అక్కర్లేదు, వచ్చిన బ్యాచ్‌ని C లో, తేదీలను పైన చెప్పిన నెల, సంవత్సరం రూపంలో D, E ల్లో వేసుకోవచ్చు. కొన్నింట్లో మామూలు చదవగలిగే టెక్స్ట్ వస్తుంది. కొన్నింట్లో అంకెల దండ వస్తుంది. అందులో `17` తర్వాతి ఆరంకెలు ఎక్స్‌పైరీ: సంవత్సరం, నెల, రోజు వరసలో. `17270430` అంటే 2027 ఏప్రిల్ 30. రోజు స్థానంలో `00` ఉంటే నెలాఖరు. `11` తర్వాతి ఆరంకెలు తయారీ, `10` తర్వాతది బ్యాచ్. బ్యాచ్ పొడవు ఇంత అని లేదు, ఇరవై అక్షరాల దాకా ఉండొచ్చు. అది ఎక్కడ ఆగుతుందో చెప్పే గుర్తు కంటికి కనిపించదు, కొన్ని స్కానర్ యాప్‌లు దాన్ని మింగేస్తాయి కూడా. అప్పుడు తర్వాతి సీరియల్ నంబరు బ్యాచ్ తోకకి అంటుకుని వస్తుంది. అందుకని స్కాన్‌లో వచ్చినా సరే, బ్యాచ్‌ని ప్యాకెట్ మీద ఉన్నదానితో ఒకసారి పోల్చుకోండి.

కత్తిరించిన స్ట్రిప్పులు

విడిగా అమ్మడానికి స్ట్రిప్ కత్తిరించేటప్పుడు బ్యాచ్ ముద్ర లేని కొస నుంచి కత్తిరించడం షాపుల్లో తెలిసిన అలవాటే. ఎప్పుడో ఎవరో అటువైపు నుంచి కత్తిరించేస్తే మిగిలిన నాలుగు బిళ్లలకి ఏ గుర్తూ ఉండదు. దాని పక్కనే అదే మందు నిండు స్ట్రిప్ ఉందని ఆ బ్యాచ్ దీనికీ రాసేయకండి, అరలో రెండు బ్యాచ్‌లు ఉండి ఉండొచ్చు. అలాంటి ముక్కలు స్టాకు వరసలోకి రానక్కర్లేదు. గడువు తీరిన సరుకుతోపాటు, అమ్మకానికి కాదు అని రాసిన వేరే డబ్బాలో పడేయండి. షీటులో ఆ మందు సంఖ్య J లో నిండు స్ట్రిప్పులూ, ముద్ర ఉన్న ముక్కలూ మాత్రమే లెక్కపెట్టండి.